‘బ్యాక్టీరియా రైబోజోములను మాత్రమే’ – ఈ ‘మాత్రమే’ నిలుస్తుందా?

సుభద్ర
ఇంటర్ పిల్లల కోసం తెలుగులో రాసిన జీవశాస్త్రం నోట్సు దిద్దుతున్నాను. ఒక వాక్యం దగ్గర కలం ఆగింది: “ఎరిత్రోమైసిన్ బ్యాక్టీరియా రైబోజోములను మాత్రమే నిరోధిస్తుంది.” నాకు రెండు సందేహాలు. ఈ ‘మాత్రమే’ బ్యాక్టీరియాకు తగులుతోందా, రైబోజోములకు తగులుతోందా? ఆ సంగతి తేలాక, విషయపరంగా ‘మాత్రమే’ అనడం నిజమేనా?

వెంకటరమణ
వాక్యమే తప్పండీ. మందులు బ్యాక్టీరియాలో రైబోజోముల మీద మాత్రమే పనిచేస్తాయా? పెన్సిలిన్ కణకవచం కట్టుకోనివ్వదు. సిప్రోఫ్లాక్సాసిన్ డీఎన్ఏ పనికి అడ్డం పడుతుంది. ‘మాత్రమే’ కొట్టేయండి.

సుభద్ర
రమణ గారూ, నా మొదటి సందేహానికి మీ జవాబే రుజువు. ‘బ్యాక్టీరియాలో ఇంకేదీ కాదు, రైబోజోములే’ అని మీరు చదివారు. రాసినాయన ఉద్దేశం ‘మన రైబోజోములను కాదు, బ్యాక్టీరియావాటినే’ అని. ‘మాత్రమే’ను మాట తరవాత పెడితే ముందున్న సమాసం మొత్తానికి తగులుతుంది. అందులో ఏ ముక్క మీద ఊనిక ఉందో గొంతుతో పలికితే తెలుస్తుంది, కాగితం మీద తెలియదు. “రైబోజోముల్లో బ్యాక్టీరియావాటినే అడ్డుకుంటుంది” అంటే ఆ గందరగోళం పోతుంది. ఇక రెండో సందేహం మిగిలింది.

నరేష్
మేడం, అది ఈజీ. బ్యాక్టీరియా రైబోజోము 70ఎస్, మనది 80ఎస్. సైజు తేడా కాబట్టి మందు మనదాంట్లో పట్టదు, తాళానికి వేరే చెవి పెట్టినట్టు. మాత్రమే అనడం కరెక్టే.

కామేశ్వరి
నరేష్, తాళం పోలిక బాగుంది, కానీ తేడా తాళం సైజులో లేదు. లోపల ఒక్క పన్నులో ఉంది.

ఎరిత్రోమైసిన్ కూర్చునే చోటు చెప్తాను. రైబోజోములో అమైనో ఆమ్లాలు ఒకదానికొకటి అతుక్కుంటూ గొలుసు అవుతాయి. ఆ గొలుసు పెద్ద ఉపప్రమాణంలో ఉన్న సొరంగం గుండా బయటికి వస్తుంది. మందు ఆ సొరంగం మొదట్లోనే గోడకు అంటుకుని దారి ఇరుకు చేస్తుంది. చాలా ప్రోటీన్ల గొలుసు ఆరేడు అమైనో ఆమ్లాలు పెరిగేసరికి అక్కడ ఇరుక్కుంటుంది. ఆ గోడ ఎక్కువగా ఆర్ఎన్ఏతో కట్టింది, ఆ ఆర్ఎన్ఏ పొడవు సుమారు 2,900 అక్షరాలు. ఇ. కోలై లెక్కలో 2058వ స్థానంలో బ్యాక్టీరియాకు అడినిన్ ఉంటుంది. మందులోని చక్కెర భాగం దాన్నే పట్టుకుంటుంది. మన కణద్రవ్యంలోని రైబోజోములో సరిగ్గా ఆ చోట గ్వానిన్ ఉంటుంది. గ్వానిన్‌కు రెండో స్థానంలో ఒక అమైనో గుంపు పొడుచుకొచ్చి ఉంటుంది, అడినిన్‌కు అక్కడ అది లేదు. ఆ గుంపు తగిలి మందు సరిగ్గా ఒదగదు.

సైజు కారణం కాదనడానికి మంచి సాక్షి హాలోఆర్కులా. మృతసముద్రంలో దొరికిన ఆర్కియా జీవి ఇది. దీని రైబోజోము కూడా 70ఎస్సే, కానీ 2058కి సరిసమానమైన చోట గ్వానిన్ ఉంది. ఎరిత్రోమైసిన్ జాతి మందులు దీనికి సరిగా అంటవు. 2005లో ఆ ఒక్క గ్వానిన్‌ను అడినిన్‌గా మార్చి చూస్తే ఈ జాతి మందు పట్టు సుమారు 10,000 రెట్లు పెరిగింది. సైజు మారలేదు, అక్షరం మారింది.

నరేష్
ఓహ్. మరి బ్యాక్టీరియా రైబోజోములోని రెండు ముక్కలు 50ఎస్, 30ఎస్ కలిస్తే 80 కావాలి కదా, 70 ఎందుకైంది? ఎప్పట్నుంచో డౌటు.

కామేశ్వరి
ఎస్ అంటే బరువు కాదు, స్వెడ్‌బెర్గ్ పేరు మీద ఉన్న ప్రమాణం. సెంట్రిఫ్యూజులో గిర్రున తిప్పితే ముక్క ఎంత వేగంగా అడుగుకు దిగుతుందో అది చెప్తుంది. వేగం బరువుతో పాటు ఆకారం మీద కూడా ఆధారపడుతుంది. రెండు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటే ద్రవానికి తగిలే పైభాగం తగ్గుతుంది, అందుకే అంకెలు కూడవు. మనదీ అంతే: 60, 40 కలిస్తే 80.

సలీం
అక్షరం మాట వచ్చింది కాబట్టి ల్యాబు నుంచి ఒక ముక్క. స్టాఫైలోకాకస్ ఎరిత్రోమైసిన్‌ను తప్పించుకునేటప్పుడు మామూలుగా ఆ అడినిన్‌ను మార్చదు. చాలా బ్యాక్టీరియాల్లో రైబోజోము ఆర్ఎన్ఏ జన్యువు నకళ్లు చాలా ఉంటాయి, ఇ. కోలైలో అయితే ఏడు. ఒక నకలులో అక్షరం మారినా మిగతా రైబోజోములు మందుకు దొరికిపోతూనే ఉంటాయి. అందుకని ఎర్మ్ అనే ఎంజైము ఒకటి పెట్టుకుని, ఉన్న అడినిన్‌కే రెండు మిథైల్ గుంపులు తగిలిస్తుంది. తెలుగులో చెప్పాలంటే అక్షరం అదే, గుణింతం మారింది. మందుకు ఇక పట్టు దొరకదు.

ఇక్కడే ఒక మోసం ఉంది. కొన్ని స్టాఫ్ రకాల్లో ఈ ఎంజైము ఎరిత్రోమైసిన్ తగిలితేనే మేలుకుంటుంది, అదే చోట పనిచేసే మరో మందు క్లిండామైసిన్‌కు మేలుకోదు. బ్యాక్టీరియా పెంచే ప్లేటు మీద క్లిండామైసిన్ బిళ్ల ఒక్కటే పెట్టి చూస్తే ‘పనిచేస్తుంది’ అని రిపోర్టు వస్తుంది. చికిత్స మధ్యలో ఎంజైము ఎప్పుడూ మేలుకునే ఉండే రకాలు పైకి వచ్చి మందు విఫలం కావచ్చు. కాబట్టి 15 మైక్రోగ్రాముల ఎరిత్రోమైసిన్ బిళ్లనూ 2 మైక్రోగ్రాముల క్లిండామైసిన్ బిళ్లనూ ఒకే ప్లేటు మీద 15 నుంచి 26 మి.మీ. దూరంలో పెడతాం. క్లిండామైసిన్ చుట్టూ గుండ్రంగా ఉండాల్సిన ఖాళీ, ఎరిత్రోమైసిన్ వైపు బల్లపరుపై ఇంగ్లిషు డీ అక్షరంలా కనిపిస్తే ఎంజైము ఉన్నట్టే. అప్పుడు క్లిండామైసిన్‌కూ లొంగదనే రిపోర్టు రాస్తాం.

ఇంకో గోల. మందు రైబోజోమును ‘నిరోధిస్తుంది’ అంటాం. బ్యాక్టీరియాకు ‘నిరోధకత’ వచ్చింది అనీ అంటాం. ‘ఎరిత్రోమైసిన్ నిరోధక రైబోజోము’ అంటే ఎవరు ఎవరిని ఆపుతున్నట్టు?

సుభద్ర
అవునండీ, ఇది నాకు తట్టలేదు. మందు పనికి ‘అడ్డుకోవడం’, బ్యాక్టీరియా పనికి ‘తట్టుకోవడం’ పెడితే? ‘ఎరిత్రోమైసిన్‌ను తట్టుకునే రైబోజోము’ అంటే తప్పుగా చదవడానికి వీలుండదు.

వెంకటరమణ
తట్టుకోవడం అంటే దెబ్బ తిని నిలబడడం. ఇక్కడ దెబ్బే తగలడం లేదు. ‘లొంగని’ అనండి.

లక్ష్మి
క్షమించాలి, నాకు ఈ వ్యాకరణం అంతా తెలియదు. మా అమ్మకు మొండి టీబీకి వేరే మందులతో పాటు లినెజోలిడ్ 600 ఇస్తున్నారు, మూడో నెల. ఈమధ్య అరికాళ్లు తిమ్మిరి, మంట అంటోంది. ఇవి మన రైబోజోముల జోలికి రావని పైన రాశారు. అయితే ఇది మందు వల్ల కానట్టేనా?

కామేశ్వరి
లక్ష్మి గారూ, నేను రాసింది ఎరిత్రోమైసిన్ గురించి, లినెజోలిడ్‌కు వర్తించదు. మీ అమ్మగారి తిమ్మిరి మందు వల్ల కావచ్చు. మందు మీరుగా ఆపకండి, ఆలస్యం కూడా చేయకండి, టీబీ డాక్టరుకు ఇవ్వాళే చెప్పండి. కంటిచూపు మసకబారినా, రంగులు వెలిసినట్టు కనిపించినా అదీ చెప్పండి. ఈ మందు వాడేటప్పుడు ప్లేట్‌లెట్లు, హిమోగ్లోబిన్ పడిపోవచ్చు కాబట్టి రక్తపరీక్ష ఎప్పుడు చేశారో అడగండి. మోతాదు తగ్గించాలా, ఆపాలా అన్నది వాళ్లు చూసి నిర్ణయిస్తారు.

ఎందుకో కూడా చెప్తాను. మన కణంలో రైబోజోములు రెండు చోట్ల ఉంటాయి, కణద్రవ్యంలో 80ఎస్, మైటోకాండ్రియాలో 55ఎస్. మైటోకాండ్రియా పూర్వీకులు బ్యాక్టీరియాలే, దాని రైబోజోములో ఆ పోలిక ఇంకా మిగిలి ఉంది. లినెజోలిడ్ అమైనో ఆమ్లాలు అతుక్కునే గదిలోనే కూర్చుంటుంది. ఆ గది మైటోకాండ్రియాలో బ్యాక్టీరియాకు దగ్గరగా ఉంటుంది. అందుకే మందు అక్కడా కొంత ఆపుతుంది. రెండు వారాలు దాటితే రక్తకణాల మీద, నెలలు గడిస్తే నరాల మీద దెబ్బ కనిపించేది ఇందుకే. క్లోరాంఫెనికాల్ మూలుగను అణచడమూ ఇదే దారి.

లక్ష్మి
రేపు కాదు, సాయంత్రమే తీసుకెళ్తాను. ధన్యవాదాలు అమ్మా.

సుభద్ర
అయితే ‘మాత్రమే’ మందును బట్టి మారుతుందన్నమాట. ఎరిత్రోమైసిన్‌కు ఎందుకు నిలుస్తోంది మరి? దానికీ మైటోకాండ్రియా అడ్డు రావాలి కదా?

కామేశ్వరి
మంచి ప్రశ్న. మన మైటోకాండ్రియా రైబోజోములో కూడా 2058 చోట గ్వానినే. కాబట్టి ఎరిత్రోమైసిన్‌కు మీ వాక్యం చాలావరకు నిలుస్తుంది. జెంటమైసిన్, అమికాసిన్ సంగతి మధ్యస్థం. అవి చిన్న ఉపప్రమాణంలో 1408వ అక్షరం దగ్గర పట్టుకుంటాయి. అక్కడ బ్యాక్టీరియాకు అడినిన్, మన కణద్రవ్యానికి గ్వానిన్, మైటోకాండ్రియాకు మళ్లీ అడినిన్. అయినా మైటోకాండ్రియాలో పక్క జత సరిగా కుదరక మామూలుగా పట్టు తక్కువ. కొందరికి తల్లి నుంచి వచ్చిన మైటోకాండ్రియా డీఎన్ఏలో 1555వ చోట అడినిన్ బదులు గ్వానిన్ ఉంటుంది. దాంతో ఆ జత కుదిరి, గది బ్యాక్టీరియా గదిలా తయారవుతుంది. వాళ్లకు మామూలు మోతాదుకే వినికిడి పోవచ్చు. ఈ మార్పు లేనివాళ్లకూ మోతాదు పెరిగితే చెవి ముప్పు ఉంది, దాని కారణం అంతా రైబోజోమేనా అన్నది ఇంకా తేలలేదు.

రాఘవాచారి
‘మాత్రమే’ గురించి ఒక మాట. మాత్ర అంటే కొలత. పద్యంలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మందుబిళ్లను మాత్ర అన్నదీ ఆ కొలత వల్లే. ‘మాత్రమే’ అంటే ‘అంత కొలతే, మించదు’ అని. కామేశ్వరి గారు చెప్తున్నదీ కొలత గురించే కాబట్టి మాటను కొట్టేయకండి, మోతాదు జోడించండి. “చికిత్సకిచ్చే మోతాదులో” అని ముందు పెడితే సరిపోతుంది.

వెంకటరమణ
ఆచారి గారూ, వ్యుత్పత్తి బాగుంది. కానీ ఇంటర్ పిల్లవాడు ‘మాత్రమే’ చూసి కొలత అనుకోడు, ‘ఇంకేదీ కాదు’ అనుకుంటాడు. పైగా లినెజోలిడ్ చికిత్స మోతాదులోనే దెబ్బ కొడుతోంది కదా. మోతాదు జోడిస్తే ఆ వాక్యం ఇంకా తప్పవుతుంది.

సుభద్ర
నిజమే. అందుకని మందును బట్టి రెండు వాక్యాలు రాశాను. “ఎరిత్రోమైసిన్ బ్యాక్టీరియా రైబోజోమును గట్టిగా పట్టుకుంటుంది. 2058వ చోట అడినిన్ బదులు గ్వానిన్ ఉండడం వల్ల మన రైబోజోములకు సరిగా అంటదు.” “లినెజోలిడ్, క్లోరాంఫెనికాల్ మన కణద్రవ్యంలోని రైబోజోములను వదిలేస్తాయి కానీ మైటోకాండ్రియావాటిని కొంత ఆపుతాయి.”

సలీం
ఇవి బాగున్నాయి. టెట్రాసైక్లిన్‌ను మాత్రం ఈ రెంటిలో దేనికిందా పెట్టకండి. పరీక్షనాళికలో అది మన 80ఎస్ రైబోజోమును కూడా ఆపగలదు. బ్యాక్టీరియా దాన్ని శక్తి ఖర్చుపెట్టి మరీ లోపలికి లాక్కుని పోగేసుకుంటుంది, మన కణం అలా పోగేసుకోదు. అక్కడ తేడా ఎక్కువగా గుమ్మం దగ్గరే.

నరేష్
దానికి మూడో వాక్యం రాయాలా? పిల్లలకు మూడు వాక్యాలు బరువవుతాయేమో.

సుభద్ర
రాయాలి నరేష్. పరీక్షలో ‘మాత్రమే’ అని ఒక్క మాట రాసి మార్కు తెచ్చుకోవచ్చు, కానీ లక్ష్మి గారి ప్రశ్నకు ఆ ఒక్క మాటతో తప్పు జవాబు వస్తుంది. ‘తట్టుకునే’, ‘లొంగని’ రెంటిలో ఏది పెట్టాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు. మిగతావాళ్లు చెప్పండి.