కిలో రేటుతోనే డిజైన్ కేకులు ఇస్తే నష్టమా? తిరుపతి హోమ్ బేకర్ల చర్చ

కొర్లగుంట నుంచి (అడిగినవారు):
2 కిలోల రెండంతస్తుల ఎగ్‌లెస్ కేక్, పైన ఫాండెంట్ ఊయల, పాపాయి. కిలోకు 1,200, శ్రీకాళహస్తికి డెలివరీ 300, మొత్తం 2,700 తీసుకున్నా. రెండు రాత్రులు నిద్ర లేదు, చేతిలో ఏమీ మిగల్లేదు. డిజైన్‌కు విడిగా అడగాలా, కిలో రేటే పెంచాలా?

బైరాగిపట్టెడ:
సింపుల్ అండి, సామాన్ల ఖర్చు మూడింతలు చేసి చెప్పండి. నేను మూడేళ్లుగా అదే చేస్తున్నా, ఎప్పుడూ నష్టం రాలేదు.

చంద్రగిరి అక్క:
మీరు చేసేవి ఎక్కువగా క్రీమ్ కేకులు కదా, వాటికి మీ లెక్క సరిపోతుంది. బొమ్మ కేకుకు సరిపోదు. పాపాయి బొమ్మకు పట్టే ఫాండెంట్ గుప్పెడు, దాని ఖరీదును మూడింతలు చేసినా ఎంత వస్తుంది? పోయేది మన సమయం. అదే జీడిపప్పు, బాదం దండిగా వేసిన సాదా కేకుకు మూడింతలు చెప్తే రేటు చూసి మనిషి పారిపోతాడు.

కొర్లగుంట చెల్లీ, కిలో రేటు పెంచినా ఇదే ఇబ్బంది. అదే ఊయల, అదే పాపాయి 1 కిలో కేక్ మీద పెట్టినా ఆరు గంటలే పడుతుంది, 4 కిలోల మీద పెట్టినా ఆరు గంటలే. కిలో లెక్కన చిన్న కేకులో నువ్వు నష్టపోతావు, పెద్ద కేకులో కస్టమర్ నష్టపోతాడు. ఎత్తు కోసం కింది అంతస్తు థర్మాకోల్‌తో పెట్టమంటే ఇంకా కష్టం, అలంకరణ పని అంతా ఉంటుంది కానీ తూకంలో కేకే ఉండదు.

నేనైతే మూడుగా విడగొడతా. అలంకరణ లేని కేక్ కిలో 800, సామాన్లు, కరెంటు, బాక్సు, బేకింగ్ పని అందులోనే, అంటే 1,600. డిజైన్ ఆరు గంటలు, గంటకు 150 వేసుకున్నా 900, ఫాండెంట్, రంగులు 300. శ్రీకాళహస్తి పోను 38 కిలోమీటర్లు అనుకో, రాను కూడా కలిపితే 76, రెండంతస్తుల కేక్ బండి మీద పోదు కాబట్టి కారుకు కిలోమీటరుకు 10 చొప్పున 760, దారిలో పోయే రెండు గంటలకు 300. మొత్తం 3,860. నువ్వు 1,160 తక్కువ తీసుకున్నావు, అందులో ఎక్కువ భాగం డెలివరీలోనే పోయింది. చాలామంది పోయే దూరమే లెక్క వేస్తారు, ఖాళీగా తిరిగొచ్చే దూరం మర్చిపోతారు.

ఎం.ఆర్.పల్లి (కస్టమర్):
నేను కేకులు చేసేదాన్ని కాదు, కొనేదాన్ని. గంటలు మాకెందుకండి? మీరు నెమ్మదిగా చేస్తే దానికి మేం డబ్బులు కట్టాలా? పైగా పోయిన నెల మా బాబుకు 2 కిలోలని చెప్పి తీసుకుంటే, బొమ్మలూ ఫాండెంట్ పొరా తీసేసరికి అసలు కేక్ ఒకటిన్నర కిలో కూడా లేదు.

చంద్రగిరి అక్క:
తూకం విషయంలో మీ కోపం న్యాయమే. కిలోలంటే స్పాంజి, క్రీమ్ కలిపి. ఫాండెంట్, బోర్డు వేరే అని ఆర్డర్ తీసుకునేటప్పుడే రాసి పంపాలి. గంటల మాట కూడా సగం నిజమే. మొదటిసారి చేసే బొమ్మకు పదిగంటలు పడితే అన్నిటికీ వసూలు చేయకూడదు, అదే బొమ్మ మూడోసారి చేస్తే ఎంత పడుతుందో అంతే వేయాలి. కస్టమర్‌కు మాత్రం గంటలు చెప్పక్కర్లేదు. సాదా, పూలు, బొమ్మలు అని మూడు రకాల ఫోటోలు పెట్టి, ఒక్కోదానికి ఇంత అదనం అంటే చాలు.

చిత్తూరు నుంచి:
నాకు తిరుపతిలో తెలిసినావిడ క్రీమ్ కేక్ పంపింది, మే నెల మధ్యాహ్నం, ఏసీ లేని బండిలో. ఇక్కడికొచ్చేసరికి పూలన్నీ కిందికి జారిపోయినాయి. డబ్బు వెనక్కి ఇవ్వనంది. అది ఎవరి తప్పు?

చంద్రగిరి అక్క:
పంపింది ఆవిడ మనిషే అయితే ఆవిడదే. నువ్వు పంపిన బండిలో వస్తే, చేతికిచ్చేటప్పుడు ఫోటో తీసి పంపిన తర్వాత బాధ్యత నీది. విప్పింగ్ క్రీమ్‌కు ఇక్కడి ఎండలో గంటకు మించిన ప్రయాణం ఏసీ లేకుండా వద్దే వద్దు. నేను 15 కిలోమీటర్లు దాటితే వచ్చి తీసుకెళ్లమంటా.

బైరాగిపట్టెడ:
15 దాటితే ఆర్డరే పోతుంది కదక్కా. నేను పుత్తూరుకు కూడా పంపుతా. అంతస్తులు విడివిడిగా ఫ్రిజ్‌లో గట్టిపరిచి, అక్కడికి పోయి పేర్చి, బొమ్మలు అప్పుడు పెడతా. బ్రహ్మోత్సవాలప్పుడు మాత్రం ఊళ్లో రెండు కిలోమీటర్లకే గంట పడుతుంది, దూరం లెక్క పనికిరాదు.

చంద్రగిరి అక్క:
పేర్చడానికి నువ్వే పోతున్నావంటే ఆ గంట కూడా రేటులో వేసుకుంటున్నావా మరి?

బైరాగిపట్టెడ:
ఇప్పటిదాకా వేయలేదు.

కొర్లగుంట నుంచి:
అక్కా, వచ్చే వారం 1 కిలో కేక్ మీద రెండు ఏనుగు బొమ్మలు అడిగారు, డెలివరీ రేణిగుంటకు. కిలో లెక్కన 1,200 అని ముందే చెప్పేశా. ఇప్పుడు మార్చి చెప్తే బాగుండదేమో. ఒక్క ఏనుగే పెడతానని అడిగి చూస్తా.