అప్‌డేట్: ఓఎల్ఈడీ ల్యాప్‌టాప్‌తో కళ్ల నొప్పి, కారణం దొరికింది

నా పాత ప్రశ్న: "కొత్త ఓఎల్ఈడీ ల్యాప్‌టాప్ మీద రాత్రిళ్లు లెక్కలు చూస్తుంటే కళ్లు లాగేస్తున్నాయి. పాత ఐపీఎస్ స్క్రీన్ ల్యాప్‌టాప్‌తో ఈ బాధ లేదు. ఎందుకు?"

సలహాలిచ్చినవాళ్లందరికీ థ్యాంక్స్. కడపలో కంటి డాక్టరుకు చూపించాను. పవర్ మారలేదన్నారు, కళ్లు కాస్త పొడిబారాయని చుక్కల మందు రాశారు. దానితో కొంత ఊరట, అంతే.

అసలు సంగతి ఫోన్ కెమెరాతో తేలింది. ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000 పెట్టి తెల్లటి స్క్రీన్ వైపు చూపిస్తే, బ్రైట్‌నెస్ తగ్గించినప్పుడు నల్లటి పట్టీలు దట్టంగా కనబడ్డాయి. పెంచితే పలచబడ్డాయి. వెలుగు తగ్గించడానికి ఈ ప్యానెల్ సెకనుకు 240 సార్లు ఆరి వెలుగుతుందని రివ్యూలో ఉంది. మామూలు చూపుకు తెలియదు గానీ కొందరికి పడదు.

ఇప్పుడు విండోస్ బ్రైట్‌నెస్ 90 దగ్గరే ఉంచి, కంపెనీ యాప్‌లోని ఫ్లికర్ తగ్గించే స్లైడర్‌తో మసక చేస్తున్నాను. అది ప్యానెల్‌ను ఎక్కువ ఆర్పకుండా పిక్సెళ్లనే ముదురు చేస్తుంది. ఫొటోల్లో నీడలు కాస్త కలిసిపోతాయి, నా ఎక్సెల్ షీట్లకు అదేం పట్టింపు కాదు. జీఎస్టీ గడువు రోజుల్లో కూడా తలనొప్పి రాలేదు.

బ్లూలైట్ కళ్లద్దాలతో, డార్క్ మోడ్‌తో నాకు తేడా రాలేదు. ఐపీఎస్‌కు మారదామనుకునేవాళ్లు ఒకటి చూసుకోండి: కొన్ని ఐపీఎస్ మోడళ్లలో బ్యాక్‌లైట్ కూడా ఇలాగే ఆరి వెలుగుతుంది. షాపులోనే బ్రైట్‌నెస్ బాగా తగ్గించి అదే కెమెరా పరీక్ష చేయండి.