అప్‌డేట్: గిడ్డంగి ఆదాయం పదో వంతు తగ్గితే లాభం 40 శాతం ఎలా పోయింది?

నా ప్రశ్న: గుంటూరులో మా మామయ్య మిర్చి కోల్డ్ స్టోరేజీకి ఈసారి బస్తాలు 10 శాతం తగ్గాయి. లాభం మాత్రం 40 శాతం పడిపోయింది. లెక్కల్లో ఎక్కడైనా పొరపాటు ఉందా?

అప్‌డేట్: పొరపాటు లేదు. మామయ్యతో కూర్చుని పద్దులు విడదీశాం. అంకెలను ఇక్కడ గుండ్రంగా ఇస్తున్నాను.

నిరుడు 80,000 బస్తాలు, బస్తాకు అద్దె 200 రూపాయలు. హమాలీ వంటి, బస్తాతో పాటు పెరిగే ఖర్చు 40 రూపాయలు. అంటే ఒక్కో బస్తా మిగిల్చేది 160, మొత్తం 1.28 కోట్లు. అందులోంచి జీతాలు, మరమ్మతులు, కరెంటు కలిపి 96 లక్షల స్థిర ఖర్చు పోగా లాభం 32 లక్షలు. గది సగమే నిండినా దాన్ని చల్లగా ఉంచాల్సిందే కాబట్టి కరెంటులో ఎక్కువ భాగం తగ్గదు.

ఈసారి 72,000 బస్తాలు. మిగులు 12.8 లక్షలు తగ్గింది, స్థిర ఖర్చు కదల్లేదు. ఆ కోత మొత్తం లాభం మీదే పడి 19.2 లక్షలు మిగిలాయి.

నిరుటి మిగులును లాభంతో భాగిస్తే 4. అదే ఆపరేటింగ్ లెవరేజ్, అంటే బస్తాలు ఒక శాతం తగ్గితే లాభం 4 శాతం తగ్గుతుంది. అది స్థిరంగా ఉండదన్నదే నన్ను కలవరపెట్టింది: 72,000 దగ్గర 6, 64,000 దగ్గర 16. 60,000 బస్తాలకు లాభం సున్నా. బ్యాంకు వడ్డీని ఇందులో కలపలేదు, అది వేరే భారం.

అద్దె తగ్గించి బస్తాలు రప్పించాలని మామయ్య ఆలోచన. 180కి దించితే నిరుటి లాభం నిలవడానికి 91,000కు పైగా బస్తాలు కావాలి. అందుకే వద్దని చెప్పాను.