ఫోను రీసెట్ అయ్యాక ఆటలో కొన్న వస్తువులు: ఏవి తిరిగి వస్తాయి, ఏవి రావు?

కావలి అమ్మ:
అందరికీ నమస్కారం. మా ఫోను మాటిమాటికీ ఆగిపోతూ ఉండటంతో పోయిన ఆదివారం కావలిలోనే ఒక రిపేరు దుకాణంలో ఇచ్చాము. వారు సెట్టింగులలోకి వెళ్లి ఫోను మొత్తం రీసెట్ చేశారు. నాకు పాత జీమెయిల్ పాస్‌వర్డ్ గుర్తు రాకపోవడంతో అప్పటికప్పుడే ఒక కొత్త జీమెయిల్ తెరిచి ఫోను చేతికిచ్చారు. మా అబ్బాయి ఆడుకునే బండ్ల పందెం ఆటలో మేము డబ్బు పెట్టి కొన్నవి ఇవి: ప్రకటనలు రాకుండా చేసే సదుపాయం 199 రూపాయలు, ఒక ఎర్ర లారీ 349 రూపాయలు, నాణేల సంచి 89 రూపాయల చొప్పున మూడుసార్లు. ఆటను మళ్లీ ఎక్కించుకుని అందులోని Restore Purchases అనే మీటను ఎన్నిసార్లు నొక్కినా కొన్నవేవీ లేవని చూపిస్తోంది. ఇదే లారీని మళ్లీ డబ్బు కట్టి కొనవలసిందేనా? దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

సింగరాయకొండ బాబాయ్:
అమ్మా, మళ్లీ కొనవద్దు. ఒకసారి కొన్నది ఎక్కడికీ పోదు. పాత సిమ్ అదే ఫోనులో ఉందా లేదా చూడండి. నంబరు అదే అయితే ప్లే స్టోర్ గుర్తుపట్టి అన్నీ తిరిగి ఇస్తుంది. అప్పటికీ రాకపోతే ఆట సెట్టింగులలో డేటా మొత్తం తుడిచి మళ్లీ తెరవండి. మా మనవడి ఫోనుకు నేను అలాగే చేశాను, వచ్చేసింది.

పెన్నాతీరం (నెల్లూరు):
బాబాయ్ గారు మళ్లీ కొనవద్దన్న మాట సరైనదే. అయితే కొనుగోలు సిమ్ నంబరు మీద నమోదు కాదు, డబ్బు కట్టిన రోజున ప్లే స్టోర్‌లో ఏ జీమెయిల్ ఖాతా నడుస్తోందో ఆ ఖాతా మీద నమోదవుతుంది. వారి మనవడి ఫోనులో పాత ఖాతాయే ఉండి ఉంటుంది కనుక డేటా తుడవకపోయినా తిరిగి వచ్చేదే. చిన్న యాప్‌లలో చెల్లింపుల భాగాన్ని రాయడమే నా పని కాబట్టి ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెబుతాను.

మీరు ఆ మీటను నొక్కినప్పుడు ఆట ప్లే స్టోర్‌ను ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ ఖాతాకు ఈ ఆటలో ఇప్పుడు సొంతమై ఉన్న వస్తువులేవి? మీ ఫోనులో ఇప్పుడున్నది ఆదివారం పుట్టిన ఖాతా. దాని పేరున ఏమీ లేదు కనుక ఏమీ లేదనే సమాధానం వచ్చింది. ఆటలో లోపం లేదు, మీ డబ్బు పోలేదు, అడగవలసిన ఖాతా వేరు, అంతే.

కాబట్టి ముందు పాత జీమెయిల్‌ను సంపాదించండి. సైన్ ఇన్ చేసేచోట పాస్‌వర్డ్ మరచిపోయామన్న దారిలో వెళితే, ఆ ఖాతాకు మీ నంబరు జతచేసి ఉన్నట్లయితే దానికి కోడ్ వస్తుంది. సిమ్ అవసరం ఈ ఒక్కచోటే. ఆ ఖాతాను ఫోనులో చేర్చాక ఆటను ఇంకా తెరవవద్దు. ప్లే స్టోర్‌లో పైన కుడివైపున్న గుండ్రటి బొమ్మను నొక్కి పాత ఖాతాకు మారండి. తర్వాత Payments & subscriptions, అందులో Budget & history తెరిస్తే కొన్నవన్నీ తేదీలతో కనిపిస్తాయి. ఒక్కొక్కదానికి GPA అనే అక్షరాలతో మొదలయ్యే ఆర్డరు సంఖ్య ఉంటుంది. మీరు చెప్పిన 5 కొనుగోళ్లూ అక్కడ ఉన్నాయో లేదో చూసి ఇక్కడ రాయండి.

పొదలకూరు నిమ్మతోట:
నాదీ ఇదే సమస్య. పోయిన సంవత్సరం ఆండ్రాయిడ్ ఫోనులో ఒక చదరంగం యాప్‌లో పాఠాలన్నీ కొన్నాను. ఇప్పుడు ఐఫోను తీసుకున్నాను. అదే జీమెయిల్‌తో ఉన్నాను, అయినా పాఠాలకు తాళం పడి ఉంది. నేను ఎవరిని అడగాలి?

పెన్నాతీరం (నెల్లూరు):
మీది వేరే సమస్య అండీ. ప్లే స్టోర్‌లో కొన్నది యాపిల్ యాప్ స్టోర్‌కు తెలియదు. ఐఫోనులో ఆ మీట మీ యాపిల్ ఖాతానే అడుగుతుంది గాని జీమెయిల్‌ను కాదు. ఆ యాప్‌కు సొంత లాగిన్ ఉండి, కొన్న రోజున మీరు అందులో లాగిన్ అయి ఉంటే, కంపెనీ తన సర్వర్‌లో రాసుకుని ఉండే అవకాశం ఉంది. ఆ లాగిన్‌తో ప్రయత్నించండి. అది లేకపోతే యాప్ తయారుచేసినవారికి రాయడం తప్ప వేరే దారి లేదు.

కావలి అమ్మ:
పెన్నాతీరం గారూ, మీరు చెప్పినట్లే కోడ్ వచ్చి పాత ఖాతా తెరుచుకుంది. చరిత్రలో 199 రూపాయలది ఉంది, 89 రూపాయలవి మూడూ ఉన్నాయి. లారీ మాత్రం లేదు. కొన్నది నిజం, మా వాడు నెల రోజులు దాన్ని నడిపాడు. ఇంకొక సందేహం. నాణేలు చరిత్రలో ఉన్నాయి కాబట్టి అవి కూడా తిరిగి వస్తాయి కదా?

పెన్నాతీరం (నెల్లూరు):
ముందు నాణేల సంగతి చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది బాధపడేది ఇక్కడే. చరిత్ర వేరు, సొంతమై ఉన్న వస్తువుల జాబితా వేరు. మొలగొలుకుల బస్తా కొన్న చీటీ బీరువాలో భద్రంగా ఉండవచ్చు, కాని వండుకుని తిన్న బియ్యం ఆ చీటీతో తిరిగి రావు. అదే ఇంటి దస్తావేజు అయితే ఇల్లు మీదేనని ఎప్పటికీ చెబుతుంది. నాణేలు బియ్యం వంటివి, ప్రకటనలు తీసేసే సదుపాయం దస్తావేజు వంటిది.

లోపల జరిగేది ఇది. మీరు 89 రూపాయలు కట్టగానే ఆట నాణేలను మీ సంచిలో వేసి, ఇది వాడుక అయిపోయింది అని ప్లే స్టోర్‌కు తెలియజేస్తుంది. అలా తెలియజేయకపోతే అదే సంచిని రెండోసారి కొనడానికి స్టోర్ ఒప్పుకోదు. ఆ క్షణం నుండి సొంత వస్తువుల జాబితాలో అది ఉండదు, చరిత్రలో మాత్రం ఉంటుంది. ఖర్చు చేయని నాణేలైనా అంతే. అవి స్టోర్ దగ్గర ఉండవు, ఆట దాచిన చోట ఉంటాయి. లాగిన్ లేకుండా అతిథిగా ఆడితే చాలా ఆటలలో ఆ చోటు ఫోనే. రీసెట్‌తో అది తుడిచిపెట్టుకుపోయింది. ఐఫోనులో కూడా నాణేల వంటివి ఆ మీటతో తిరిగి రావు.

ఇక లారీ. ఆ రోజు ప్లే స్టోర్ వేరే ఖాతాలో ఉండి ఉంటుంది. మీ ఇంట్లో ఇంకెవరి జీమెయిల్ అయినా ఆ ఫోనులో ఉండేదా?

ఈలోగా ప్రకటనలు తీసేసే సదుపాయాన్ని తెచ్చుకోండి. ఆటను తీసివేసి, ప్లే స్టోర్ పాత ఖాతాలో ఉండగానే మళ్లీ ఎక్కించండి. ఏ ఖాతాతో ఎక్కిస్తే ఆ ఖాతానే ఆట అడుగుతుందని నా అనుభవం. ఈ నాలుగు రోజుల్లో అబ్బాయి ఆడిన ఆట పోవచ్చు కాబట్టి వాడికి ముందే చెప్పండి. ఎక్కించాక కొన్న వస్తువు ధరను నొక్కి చూడండి. కింది నుండి పైకి వచ్చే చెల్లింపు పెట్టెలో ఏ ఖాతా నుండి డబ్బు పోతుందో ఆ మెయిల్ ఉంటుంది, చదవండి. ఆ వస్తువు ఆ ఖాతాకు నిజంగా సొంతమైతే ఇది ఇప్పటికే మీ దగ్గర ఉందన్న సందేశం వస్తుంది, డబ్బు తీసుకోదు. అలా కాకుండా ధర, కొనే మీట కనిపిస్తే అక్కడే వెనక్కి వచ్చేయండి.

సింగరాయకొండ బాబాయ్:
సిమ్ గురించి నేను పొరబడ్డాను, తెలియజేసినందుకు సంతోషం. అయితే నాణేలకు డబ్బు వెనక్కి అడగవచ్చు కదా?

పెన్నాతీరం (నెల్లూరు):
అడగవచ్చు బాబాయ్ గారూ. కాని కొని 48 గంటలు దాటితే ఆట తయారుచేసినవారినే అడగమని గూగుల్ చెబుతుంది. ఇక్కడ ఇచ్చిన నాణేలు ఆటలో చేరాయి కూడా. లారీకి మాత్రం పొరపాటున డబ్బు వెనక్కి అడగవద్దు, డబ్బు ఇస్తే దానిపై హక్కు తీసివేస్తారు.

కావలి అమ్మ:
ప్రకటనలు ఆగిపోయాయి! ఆట తెరవగానే, మీట నొక్కకముందే ఆగిపోయాయి. లారీ ధరను నొక్కితే పెట్టెలో నా మెయిల్, దాని కింద 349 రూపాయలు కనిపించాయి, వెంటనే వెనక్కి వచ్చాను. రాత్రి మావారిని అడిగితే ఆ రోజు తానే కొనిచ్చానని చెప్పారు. ఆయన ఖాతా చరిత్రలో లారీ ఉంది. ఆయన ఖాతాతో ఆటను ఎక్కిస్తే లారీ వచ్చింది గాని, ప్రకటనలు మళ్లీ మొదలయ్యాయి. రెండూ ఒకేసారి ఉండే మార్గం లేదా?

గుండ్లకమ్మ (ఒంగోలు):
మా ఇంట్లో ఇలాగే జరిగింది. ఒక ఖాతాతో ఎక్కించి కొన్నవి వచ్చాక, ఆటను తీసివేయకుండా ప్లే స్టోర్‌లో రెండో ఖాతాకు మారి మళ్లీ ఆ మీట నొక్కాను. రెండూ నిలిచాయి. ఏడాదిగా అలాగే ఉంది.

పెన్నాతీరం (నెల్లూరు):
మీ ఆటలో నిలిచి ఉండవచ్చు. కొన్ని ఆటలు వస్తువు వచ్చిందన్న గుర్తును ఫోనులో ఒకసారి రాసుకుని ఊరుకుంటాయి, మరికొన్ని తెరిచిన ప్రతిసారీ స్టోర్‌ను అడిగి, జాబితాలో లేనిదాన్ని తీసివేస్తాయి. ఈ ఆట ఏ రకమో చేసి చూస్తేగాని తెలియదు. నా మట్టుకు నేను దాని మీద ఆధారపడను, ఎందుకంటే ఇంకొకసారి ఫోను మారితే ఇదే తంటా. ఒక ఖాతా కొనుగోలును ఇంకొక ఖాతాకు మార్చే దారి ప్లే స్టోర్‌లో లేదు, ఫ్యామిలీ లైబ్రరీ కూడా ఆటలోపలి కొనుగోళ్లను పంచదు. ఆట తయారుచేసినవారు తమ వైపు నుండి మీ ఆటగాడి సంఖ్యకు లారీని జతచేయగలరు. ముందు మీ పాత ఖాతాతోనే ఆటను మళ్లీ ఎక్కించి, ఆట సెట్టింగులలోని సహాయం మీట ద్వారా, రెండు ఆర్డరు సంఖ్యలు, తేదీలు, ఆటగాడి సంఖ్య పంపండి. పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరడిగినా ఇవ్వవద్దు, వారికి వాటి అవసరమే లేదు.

కావలి అమ్మ:
పంపాను. రీసెట్‌కు ముందున్న పాత ఆటగాడి సంఖ్య కూడా కావాలని జవాబు వచ్చింది. అది ఎక్కడిదా అని దిగులుపడుతుంటే మా వాడే ఉపాయం చెప్పాడు. ఎర్ర లారీతో మొదటిసారి గెలిచినప్పుడు స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల మేనమామకు వాట్సాప్‌లో పంపాడట. మా తమ్ముడు దాన్ని తిరిగి పంపాడు. లారీ బొమ్మకు ఎడమవైపు అడుగున, చిన్న అక్షరాలలో ఆ సంఖ్య ఉంది. పెద్దదిగా చేసి చూస్తే 9 అంకెలూ చదవగలిగాము. నాణేలు ఎన్ని మిగిలి ఉండేవో కూడా ఆ బొమ్మలోనే కనిపిస్తోంది, దాన్ని కూడా జతచేసి పంపాను. ఇంకా జవాబు రాలేదు.

పెన్నాతీరం (నెల్లూరు):
అది చాలా బలమైన ఆధారం అమ్మా. నాణేలు ఇస్తారో లేదో వారి ఇష్టం, లారీకి మాత్రం అవకాశం ఎక్కువ. జవాబు వచ్చేవరకు ఇప్పుడున్న ఆటను తీసివేయకండి, డేటా తుడవకండి. మళ్లీ ఎక్కిస్తే ఆటగాడి సంఖ్య ఇంకొకటి పుట్టి, వారు పంపే లారీ ఎవరూ తెరవని సంఖ్యకు చేరుతుంది. ఆటలో లాగిన్ సదుపాయం ఉంటే ఈ రోజే మీ పాత జీమెయిల్‌తో దాన్ని జతచేయండి.