“బాష్పంలో ఎక్కువగా ఉంటుంది” అంటే దేనికంటే ఎక్కువ?

శిరీష (బీటీఎం లేఔట్, బెంగళూరు):
అందరికీ నమస్కారం. ఒక వాక్యం గురించి అడగాలి. మా తమ్ముడి కూతురు మదనపల్లెలో ఇంటర్ సెకండియర్, తెలుగు మీడియం. సాయంత్రాలు ఫోన్‌లో కెమిస్ట్రీ చెబుతుంటాను. తన నోట్సులో ఈ వాక్యం ఉంది:

“ఆదర్శ ద్రావణంపై ఉన్న బాష్పంలో ఎక్కువ బాష్పశీలత గల అనుఘటకం ఎక్కువగా ఉంటుంది.”

దీని కిందనే ఒక లెక్క. బెంజీన్, టోలీన్ కలిపిన ద్రవంలో బెంజీన్ మోల్ భాగం 0.1. 25 డిగ్రీల దగ్గర శుద్ధ బెంజీన్ బాష్పపీడనం 95 మి.మీ. పాదరసం, శుద్ధ టోలీన్‌ది 28. బాష్పంలో బెంజీన్ మోల్ భాగం ఎంత? పిల్లకు 0.27 వచ్చింది. అంటే బాష్పంలో నూటికి 27 అణువులు బెంజీన్, 73 టోలీన్. “అత్తా, బెంజీన్ ఎక్కువ ఉండాలని పైన రాసి ఉంది, నాకేమో టోలీన్ ఎక్కువ వచ్చింది, లెక్క తప్పినట్టుంది” అని మొత్తం కొట్టేసింది. నేను చూస్తే లెక్క సరిగ్గానే ఉంది. అలాంటప్పుడు వాక్యం తప్పా? తప్పు కాకపోతే దాన్ని తెలుగులో ఎలా రాస్తే పిల్లలు ఇలా పొరపడకుండా ఉంటారు?

రఘు (హోసూరు రోడ్, బెంగళూరు):
అక్కా, వాక్యం కరెక్టే, లెక్కే తప్పు అనుకుంటా. బెంజీన్ తొందరగా ఆవిరవుతుంది కాబట్టి పైన అదే ఎక్కువ ఉంటుంది. మేం ఎంట్రన్స్‌కి చదివేటప్పుడు ఒక్క లైన్‌లో చేసేవాళ్ళం. 95ని 95+28తో భాగిస్తే 0.77. బాష్పంలో 77 శాతం బెంజీన్. వాక్యానికి కూడా సరిపోయింది చూడండి.

వెంకటలక్ష్మి (చెన్నై):
శిరీషా, నేను తెలుగు పండితురాలిగా పనిచేశానమ్మా, సైన్సు నాకు రాదు. నాకు అసలు “బాష్పం” అన్న మాట దగ్గరే ఆగిపోవాలనిపించింది. ఆనందబాష్పాలు అంటాం, బాష్పాంజలి అంటాం. పిల్లలకు కన్నీళ్ళే గుర్తొస్తాయి. హాయిగా “ఆవిరి” అంటే గొడవ ఉండదు కదా?

శిరీష:
లక్ష్మిగారూ, నేను అడిగింది “ఎక్కువ” గురించండి. బాష్పం అన్న మాట పరీక్ష పేపర్లో అలాగే వస్తుంది కాబట్టి పిల్ల దానికి అలవాటు పడిపోయింది. పైగా ఆవిరి అంటే మా ఇళ్ళలో ఇడ్లీ కుక్కర్‌లోంచి వచ్చే నీటి ఆవిరే అనుకుంటారు. రఘూ, నువ్వన్న 0.77 నాకూ ఎక్కడో చూసినట్టే ఉంది గానీ, అందులో ద్రవంలోని 0.1 ఎక్కడా రాలేదు కదా. 10 శాతం బెంజీన్ ఉన్నా, 90 శాతం ఉన్నా అదే జవాబు ఎలా వస్తుంది?

భాస్కరరావు (చెన్నై):
అమ్మా, చెన్నైలో డిస్టిలేషన్ కాలమ్‌ల దగ్గర ఉద్యోగం చేసి రిటైర్ అయినవాణ్ణి. శిరీషగారి అనుమానమే సరైనది. పాప లెక్కలో తప్పేమీ లేదు. ముందు ఆ లెక్కనే మెల్లగా చూద్దాం.

ద్రవం ఉపరితలంలో పదింట ఒక అణువే బెంజీన్. కాబట్టి అది శుద్ధంగా ఉన్నప్పుడు చూపే 95లో పదోవంతు పీడనమే చూపగలదు: 9.5. టోలీన్ పదింట తొమ్మిది, దాని 28లో పదింట తొమ్మిది వంతులు అంటే 25.2. రెండూ కలిపి మొత్తం 34.7. ఒక వాయువు పాక్షిక పీడనం మొత్తంలో ఎంత వాటాయో, అణువుల లెక్కలోనూ అంతే వాటా. 9.5ని 34.7తో భాగించండి, 0.27. పాప చేసింది ఇదే.

రఘు చెప్పిన 0.77 ఉత్తుత్తి సంఖ్య కాదు. రెండు ద్రవాలనూ మోల్‌ల లెక్కలో సమానంగా కలిపినప్పుడు వచ్చే జవాబు అది. అప్పుడు పాక్షిక పీడనాలు 47.5, 14. ఈ రెండింటి నిష్పత్తి 95, 28ల నిష్పత్తే, ఎందుకంటే రెండింటినీ ఒకే సగంతో గుణించాం. పుస్తకాల్లో మొదటి ఉదాహరణ చాలాసార్లు సగం-సగం మిశ్రమమే ఉంటుంది. అక్కడ ఈ అడ్డదారి పనిచేస్తుంది గనుక అన్నిచోట్లా పనిచేస్తుందని మనసులో ఉండిపోతుంది.

రఘు:
భాస్కరరావుగారూ, ఒప్పుకుంటున్నానండి, 0.1 ఎక్కడా వాడలేదు నేను. కానీ నా మొదటి మాట మీద ఇంకా అనుమానం ఉంది. బాష్పంలో టోలీన్ 73 శాతం అయితే, “ఎక్కువ బాష్పశీలత గలది ఎక్కువగా ఉంటుంది” అన్న వాక్యం అబద్ధం అయినట్టే కదా?

భాస్కరరావు:
అబద్ధం కాదు, సగంలో ఆగిపోయిన వాక్యం. ద్రవంలో బెంజీన్ వాటా 10 శాతం. బాష్పంలో 27. ద్రవంలో ఉన్నదాంతో పోలిస్తే పెరిగింది. నియమం చెప్పేది ఈ పెరుగుదల గురించే. బాష్పంలో బెంజీన్, టోలీన్‌ని మించిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. బెంగళూరు జనంలో తెలుగువాళ్ళ వాటా కంటే తిరుపతి వెళ్ళే బస్సులో వాళ్ళ వాటా ఎక్కువ అనుకోండి. అంతమాత్రాన బస్సులో సగానికి పైగా తెలుగువాళ్ళే అని చెప్పలేం.

ఇంకా బాగా పట్టుకోవాలంటే శాతాలు వదిలి నిష్పత్తి చూడండి. ద్రవంలో టోలీన్‌కి బెంజీన్ 9కి 1. ఆ నిష్పత్తిని 95/28తో, అంటే సుమారు 3.4తో గుణిస్తే బాష్పంలోని నిష్పత్తి వస్తుంది: 9కి 3.4. ఏ మిశ్రమం తీసుకున్నా ఆ ఉష్ణోగ్రత దగ్గర గుణకం ఇదే. సగం-సగం మిశ్రమంలో 1కి 3.4 అవుతుంది, అదే రఘు 0.77. కాలమ్‌లో మేం చేసే పనంతా ఇదే గుణకారాన్ని మళ్ళీ మళ్ళీ చేయించడం. ఆ 0.27 బాష్పాన్ని చల్లబరిచి ద్రవంగా చేసి, మళ్ళీ 25 డిగ్రీల దగ్గరే దానిపై బాష్పం చూస్తే 0.56. ఇంకోసారి చేస్తే 0.81. రెండో మెట్టుకి గానీ బెంజీన్ సగం దాటలేదు. పాపకు ఈ మూడు అంకెలూ వేసి చూపించండి, వాక్యం దానంతట అదే అర్థమవుతుంది.

వేడి చేస్తే మాత్రం గుణకం తగ్గుతుంది. 80 డిగ్రీల దగ్గర సుమారు 2.6.

వెంకటలక్ష్మి:
ఇప్పుడు నాకు విషయం తెలిసింది బాబూ. అయితే ఇది వ్యాకరణం సంగతే. తెలుగులో విశేషణానికి పోలిక చెప్పే ప్రత్యేక రూపం లేదు. పోలిక అంతా “కంటే”, “కన్నా” మోస్తాయి. వాటిని తీసేస్తే “ఎక్కువ” అన్నమాట ఒంటరిదై ఎటైనా పోతుంది. చాలా అని అర్థం రావచ్చు, మిగతావాటికంటే అని రావచ్చు, మునుపటికంటే అని రావచ్చు. ఈ వాక్యంలో రెండుసార్లు “ఎక్కువ” ఉంది, ఒక్కసారి కూడా “కంటే” లేదు. పిల్ల పొరపడటంలో వింతేముంది?

శిరీష:
అదేనండీ నాకు కావలసింది! మొదటి “ఎక్కువ” రెండో ద్రవంతో పోలిక, రెండో “ఎక్కువ” ద్రవంలోని వాటాతో పోలిక. రెండు వేర్వేరు పోలికలు. ఇలా మార్చితే?

“రెండింటిలో బాష్పశీలత హెచ్చుగా ఉన్న అనుఘటకానికి, ద్రవంలో దాని మోల్ భాగం కంటే బాష్పంలో దాని మోల్ భాగం ఎక్కువ.”

ఇమ్రాన్ (యలహంక, బెంగళూరు):
నాది కొంచెం వేరే కేసు, ఇక్కడ అడగొచ్చా? మా ల్యాబ్‌లో ఇథనాల్, నీళ్ళ మిశ్రమాన్ని డిస్టిల్ చేస్తాం. మీరు చెప్పినట్టు మెట్టు మెట్టుకీ ఇథనాల్ వాటా పెరుగుతూ పోవాలి. కానీ బరువులో 95 శాతం దాటాక ఎన్నిసార్లు చేసినా కదలదు. అక్కడ “ద్రవంలో కంటే బాష్పంలో ఎక్కువ” అన్న కొత్త వాక్యం కూడా పనిచేయడం లేదు కదా?

భాస్కరరావు:
బాబూ, అందుకే వాక్యం మొదట్లో ఉన్న “ఆదర్శ” అన్న మాటను శిరీషగారు కొత్త వాక్యంలో కూడా ఉంచాలి. ఇందాక రాసిన దాంట్లో అది జారిపోయింది. బెంజీన్, టోలీన్ అణువులు దాదాపు ఒకే పోకడవి. బెంజీన్ అణువు చుట్టూ బెంజీన్ ఉన్నా టోలీన్ ఉన్నా దాన్ని పట్టి ఉంచే ఆకర్షణలో పెద్ద తేడా రాదు. అందుకే పదోవంతు ఉంటే పదోవంతు పీడనం అన్న లెక్క నడుస్తుంది. ఇథనాల్, నీళ్ళు అలా కాదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి, మధ్యలో ఉన్న ఇథనాల్ తన వాటా ప్రకారం రావాల్సినదానికంటే ఎక్కువ పీడనంతో బయటికి వస్తుంది. ఇథనాల్ చాలా ఎక్కువైనప్పుడు అదే పరిస్థితి నీటికి వస్తుంది. మామూలు వాతావరణ పీడనంలో ఇథనాల్ బరువులో 95.6 శాతం దగ్గర, 78.2 డిగ్రీలకు మరిగేటప్పుడు, ద్రవంలోనూ బాష్పంలోనూ వాటాలు ఒకటే అయిపోతాయి. గుణకం 1. అక్కడ ఎన్ని మెట్లు వేసినా లాభం లేదు. మిగిలిన నీటిని మాలిక్యులర్ సీవ్‌తో తీసుకోవాలి.

ఇమ్రాన్:
థాంక్స్ అంకుల్. సీవ్ ఉంది మా దగ్గర, ఎందుకు వాడతారో ఇప్పుడు తెలిసింది. ఒక్క డౌట్. మామూలు మిశ్రమంలో ఎవరైనా లెక్క తిరగేసి చేస్తే ఎలా పట్టుకోవాలి?

భాస్కరరావు:
రెండు చూపులు చాలు. బాష్పంలోని రెండు మోల్ భాగాలు కలిపి 1 రావాలి. మొత్తం పీడనం 95కీ 28కీ మధ్యలో ఉండాలి. ఆదర్శ ద్రావణంలో ఈ రెండింటినీ దాటి పోవడానికి వీల్లేదు. ఇవి సరిపోయి, బెంజీన్ వాటా ద్రవంలో కంటే తగ్గినట్టు వస్తే పీడనాలు తారుమారు చేశారని అర్థం. 0.1 ఉన్న చోట 95 బదులు 28తో గుణిస్తే 0.03 వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది.

రఘు:
0.77 మాత్రం జవాబు ఒక్కటే చూస్తే దొరకదు కదండీ. కలిపితే 1 వస్తుంది, బెంజీన్ వాటా కూడా పెరిగినట్టే కనిపిస్తుంది.

భాస్కరరావు:
అవును, జవాబు ఒక్కటే చూస్తే దొరకదు. నువ్వు భాగించిన 95+28, అంటే 123, మొత్తం పీడనం అనుకుంటే అది 95ని దాటింది, రెండో చూపుకి దొరికిపోతుంది. కానీ పీడనం ఎవరూ చూడరు. అందుకే అది ప్రమాదం. దానికి ఇంకో పరీక్ష కూడా పెట్టాలి: ద్రవంలో బెంజీన్ దాదాపు లేనట్టు ఊహించుకో. బాష్పంలో కూడా దాదాపు ఉండకూడదు. నీ సూత్రం అప్పుడూ 0.77 అంటుంది.

శిరీష:
పాపకు ఈ చివరిది తప్పకుండా చెబుతాను. వాక్యం ఇలా మార్చాను:

“ఆదర్శ ద్రావణంలోని రెండు అనుఘటకాల్లో బాష్పశీలత హెచ్చుగా ఉన్నదాని మోల్ భాగం, ద్రవంలో కంటే దానిపై ఉన్న బాష్పంలో ఎక్కువ.”

వెంకటలక్ష్మి:
“దానిపై” అంటే దేనిపై? అనుఘటకంపైనా, ద్రవంపైనా? “ఆ ద్రవంపై” అను. నా మట్టుకు “హెచ్చు” కూడా అనవసరం, “రెండోదానికంటే తేలిగ్గా ఆవిరయ్యే అనుఘటకం” అంటే పోతుంది.

రఘు:
“తేలిగ్గా” అంటే బరువులో తేలిక అనుకోరా పిల్లలు? అణుభారం తక్కువ ఉన్నదే తొందరగా పోతుందని ముందే ఒక పొరపాటు అభిప్రాయం ఉంది అందరికీ.

వెంకటలక్ష్మి:
“సులువుగా” అంటే?

శిరీష:
“సులువుగా” బాగుంది గానీ పరీక్షలో దిద్దేవాళ్ళు “బాష్పశీలత” అన్న మాట కోసం వెతుకుతారని భయం. పాప నోట్సులో రెండూ రాయించి, ఏది గుర్తుంటుందో తననే అడుగుతాను. “ఆ ద్రవంపై” మాత్రం ఇప్పుడే మార్చేస్తున్నాను.