గానుగ వేరుశనగ నూనెలో గారెలు వేస్తే పొగ, నురుగు: నూనె కల్తీదా, వాడిన తీరు తప్పా?

పటమట కోడలు
మా వీధి చివర చెక్క గానుగలో ఆడించిన వేరుశనగ నూనె తెచ్చాను. తాలింపుకి బ్రహ్మాండంగా ఉంది. పండక్కి గారెలు వేద్దామని బాణలి నిండా పోస్తే రెండో వాయికే నురుగు పొంగి స్టవ్ మీదకి వచ్చేసింది, వంటిల్లంతా పొగ. మా అత్తయ్య గారేమో కల్తీ నూనె అంటున్నారు, మా వారేమో ఇంట్లో రిఫైన్డ్ అనేదే ఉండకూడదంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

కొరిటెపాడు కుర్రాడు
మీ అత్తయ్య గారి మాటే కరెక్ట్. వేరుశనగ నూనె స్మోక్ పాయింట్ 230 డిగ్రీలు, నెట్‌లో ఎక్కడ చూసినా ఇదే ఉంటుంది. గారెలు వేగేది 170, 180 దగ్గర. అంటే ఇంకా యాభై డిగ్రీలు ఖాళీ ఉండాలి కదా, అయినా పొగ వచ్చిందంటే అందులో పామాయిల్ కలిపినట్టే. ఈ మధ్య సందుకో గానుగ పెట్టి చెక్క రోలు తిరుగుతున్నట్టు చూపిస్తారు, వెనకాల డబ్బాలు దింపుకుంటారు.

మిల్లు ల్యాబ్ రిటైర్డ్
తమ్ముడూ, ఆ 230 రిఫైన్డ్ వేరుశనగ నూనెది. శుద్ధి చెయ్యని నూనెకి 160 ప్రాంతం నుంచే సన్నగా పొగ మొదలవుతుంది. ఇంకో సంగతి, పామోలిన్ కూడా రిఫైన్డ్ నూనే, దాని స్మోక్ పాయింట్ కూడా 220 పైమాటే. గానుగ నూనెలో దాన్ని కలిపితే పొగ తగ్గుతుంది గానీ పెరగదు. కాబట్టి పొగ వచ్చింది కాబట్టి కల్తీ అనే లెక్క తిరగబడింది. ఆ మాటకొస్తే గారెల మంట మీద అస్సలు పొగా నురుగూ లేకుండా నీళ్లలా నిలబడే "గానుగ నూనె" కనిపిస్తే నాకు అప్పుడు అనుమానం వస్తుంది.

పొగ ఎందుకంటే, గింజలోంచి నూనెతో పాటు కొంత జిగురు, కొంత తేమ, సన్నటి పిండి నలుసులు, విడిపోయిన కొవ్వు ఆమ్లాలు కూడా దిగుతాయి. మిల్లు భాషలో ఆ చివరిదాన్ని ఎఫ్ఎఫ్ఏ అంటాం. ముందు పొగయ్యేది అదే. అది ఎంత ఎక్కువుంటే స్మోక్ పాయింట్ అంత కిందికి దిగుతుంది. అందుకే గానుగ నూనెకి ఫలానా డిగ్రీ అని ఒకే నంబరు చెప్పలేం. నిండు గుళ్లు, బాగా ఎండినవి ఆడిస్తే ఒకలా ఉంటుంది, విరిగిన పప్పు, తడి తగిలిన పాత సరుకు ఆడిస్తే అదే గానుగలో ఇంకోలా ఉంటుంది. నురుగుకి మాత్రం కారణం వేరు, ఆ జిగురూ తేమే. దానికి మినప్పిండిలో నీళ్లు తోడైతే పొంగక ఏం చేస్తుంది?

గానుగ గోవిందు
నమస్తే అండి, మాది తెనాలి రోడ్డులో గానుగ. పెద్దాయన చెప్పింది బాగుంది గానీ చదివినవాళ్లు గానుగ నూనె వేపుళ్లకి పనికిరాదనుకుంటారు. మా తాతల కాలంలో ఈ రిఫైన్డ్ ఎక్కడిది? అరిసెలు, గారెలు, జంతికలు అన్నీ ఇందులోనే వండారు. రిఫైన్డ్‌లో కాస్టిక్ సోడా పోస్తారు, మట్టితో తెల్లగా చేస్తారు, రెండొందల డిగ్రీల పైన ఆవిరి పట్టిస్తారు. అదంతా అయ్యాక అందులో వేరుశనగ ఏం మిగిలిందని?

మిల్లు ల్యాబ్ రిటైర్డ్
గోవిందు గారూ, మీరు చెప్పిన పనులన్నీ నిజమే, నేను ఆ పనుల దగ్గరే రిటైరయ్యా. కానీ కాస్టిక్ సోడా నూనెలో ఉండిపోదండి, ఎఫ్ఎఫ్ఏతో కలిసి సబ్బు ముద్దయి విడిపోతుంది, దాన్ని తీసేసి వేడి నీళ్లతో కడుగుతారు. మీ నూనెలో ముందు పొగయ్యే పదార్థం అక్కడ పోతుంది కాబట్టే దానికి 230 వచ్చింది. చివర్లో వ్యాక్యూమ్‌లో ఆవిరి పట్టించినప్పుడు వాసన మొత్తం లాగేస్తుంది, విటమిన్ ఈ కూడా కొంత పోతుంది. అది నష్టమే, కాదనను. ఇంకోటి కూడా ఉంది. బూజు పట్టిన గుళ్లలో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, ఆ కడుగుడులో, మట్టి దగ్గర అది చాలావరకు పోతుంది. గానుగలో పోదు. అందుకే గానుగకి వెళ్తే నూనె కంటే ముందు గుళ్ల బస్తా చూడమంటాను.

తాతల సంగతి అంటారా, వాళ్లకి నురుగు రాలేదని ఎవరన్నారు? లోతు మూకుడు పెట్టి సగానికి తక్కువే పోసుకునేవారు. పటమట మేడమ్ గారు బాణలి నిండా పోశానన్నారు, అసలు చిక్కు అక్కడుంది. గానుగ నూనెలోనే వెయ్యాలనుకుంటే మూడో వంతు పోసి సిమ్‌లో పెట్టండి. ముందు చిటపటమని సన్నగా శబ్దం వస్తుంది, అది తేమ పోవడం. పైన తెల్లటి నురుగు చేరి అణుగుతుంది. శబ్దం ఆగాక మంట పెంచి కొంచెం పిండి వేసి చూడండి, అడుగుకి వెళ్లి నెమ్మదిగా పైకి తేలితే చాలు. వేసీ వెయ్యగానే పైకెగిరి ఎర్రబడిందంటే వేడి ఎక్కువైనట్టే, ఈ నూనె అంత వేడి తట్టుకోదు.

బ్రాడీపేట సుబ్బలక్ష్మి
ఆవకాయకి ఏది మంచిదో ఎవరూ చెప్పలేదు. మేము నువ్వుల నూనె మానేసి వేరుశనగ గానుగ నూనె పోస్తున్నాం. అయితే నాకు వేరే కష్టం వచ్చింది. చవగ్గా వస్తుందని మార్చిలో పదిహేను లీటర్ల డబ్బా తీసుకున్నాం, ఎండలు దాటి వానలు మొదలయ్యేసరికి నూనె ఒక రకమైన పాత వాసన, పెయింటు డబ్బా మూత తీసినట్టు. దుకాణం అతను ఆరు నెలలు ఉంటుందన్నాడు. అదే రిఫైన్డ్ ప్యాకెట్ మర్చిపోయి అలమర్లో ఉంటే ఏమీ కాలేదు.

మిల్లు ల్యాబ్ రిటైర్డ్
అమ్మా, ఆవకాయలో నూనె వేడెక్కదు కాబట్టి అక్కడ స్మోక్ పాయింట్‌తో పనే లేదు, తాజాదనం ఒక్కటే చూసుకోండి, ఎందుకంటే నూనె పాతదైతే ఆ వాసన ఏడాదంతా జాడీలో ఉంటుంది.

మీ డబ్బా విషయం. నూనె రెండు రకాలుగా పాడవుతుంది. తేమ ఉంటే ఎఫ్ఎఫ్ఏ పెరుగుతుంది, అది ముక్కుకి తెలియకపోవచ్చు, బాణలిలో పొగ తొందరగా వచ్చినప్పుడే బయటపడుతుంది. గాలీ వెలుతురూ వేడీ తగిలితే మీరు చెప్పిన పెయింటు వాసన వస్తుంది. పదిహేను లీటర్ల డబ్బా సగం వాడేసరికి మిగతా సగం గాలే కదా, పైగా రోజూ మూత తీస్తాం, పైన గుంటూరు ఎండలు. ఆరు నెలలు అనేది సీలు తియ్యని డబ్బా చల్లటి చోట ఉంటే. తెరిచాక రెండు నెలల్లో అయిపోయేంతే కొనండి, వేసవిలో ఇంకా తక్కువ. రిఫైన్డ్ ప్యాకెట్ సీలు తియ్యలేదు కాబట్టి నిలబడింది. కొన్ని కంపెనీల ప్యాకెట్ వెనక 319 అని నంబరు ఉంటుంది, అది నూనె చెడకుండా కలిపే పదార్థం. తెరిచి స్టవ్ పక్కన పెడితే రిఫైన్డూ పాడవుతుంది, కాకపోతే మొదట్లో దానికి వాసనే ఉండదు కాబట్టి తేడా ఆలస్యంగా తెలుస్తుంది.

గానుగ గోవిందు
సుబ్బలక్ష్మి గారూ, మీకు అమ్మినవాడు ఎండబెట్టకుండా ఇచ్చి ఉంటాడు. ఆడేటప్పుడు గుళ్ల మీద కాస్త నీళ్లు చిలకరిస్తాం, లేకపోతే చెక్క పట్టుకోదు, నూనె వదలదు. ఆ తడి పోవాలంటే వెడల్పాటి స్టీలు గిన్నెల్లో, పైన పల్చటి గుడ్డ కట్టి రెండు రోజులు ఎండలో పెట్టాలి. మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేట వంచుకుంటాం. లీటరు నూనెకి రెండున్నర కిలోల దాకా గుళ్లు పడతాయి, ఆ పైన రెండు రోజులు ఆగాలి, అందుకే రేటు.

మిల్లు ల్యాబ్ రిటైర్డ్
మడ్డి దించి తేట వంచడం వరకు చాలా మంచి పని. ఎండ దగ్గరే మీకూ నాకూ కుదరదు. తేమ పోతుంది నిజమే, కానీ ఆ ఎండే నూనెని పాతబరుస్తుంది కూడా. నీడలో మూత పెట్టి నాలుగైదు రోజులు కదపకుండా ఉంచినా మడ్డి దిగుతుంది.

గానుగ గోవిందు
నీడలో దిగేది మడ్డి, తేమ కాదండి.

పునుగుల బండి, సత్యనారాయణపురం
నేను చదువుకున్నవాణ్ణి కాదు, సాయంత్రం అయిదు నుంచి రాత్రి పది దాకా బాణలి మంట మీదే ఉంటుంది నాకు. గానుగ నూనె పెడితే పొగకి ఎదురు షాపువాడు గొడవకి వస్తాడు, గంటలో నల్లబడుతుంది, ధర సంగతి వదిలెయ్యండి. ఒకసారి మా ఇంట్లో రెండు బాణళ్లు పెట్టి ఒకే పిండితో పునుగులు వేసి చూశాం. వేగుతుంటే గానుగ నూనె వాసన వీధి దాకా వచ్చింది, తీరా తింటే ఏది దేనిలో వేసిందో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. కానీ అదే నూనె కారప్పొడిలో పచ్చిగా పోసుకుని ఇడ్లీతో తింటే తెలియనివాడు ఉండడు. అందుకే వేపుడికి రిఫైన్డ్, పొడికి గానుగ.

కొరిటెపాడు కుర్రాడు
సరే, స్మోక్ పాయింట్ నంబరు దగ్గర పెద్దాయన మాటకి ఒప్పుకుంటా. మరి వాసన సంగతేంటి? మా ఇంటికి తెచ్చేది డబుల్ ఫిల్టర్డ్, మూత తీస్తే వేయించిన పల్లీల వాసన గుప్పుమంటుంది. అది గానుగ కంటే అసలైనది కాదా? చెక్క గానుగది పచ్చి పప్పు నమిలినట్టు ఉంటుంది.

మిల్లు ల్యాబ్ రిటైర్డ్
మీ ఇంటిది ఎక్స్‌పెల్లర్ నూనె అయ్యుంటుంది. గుళ్లని ముందు ఆవిరి మీద వేడి చేస్తారు, ఇనప స్క్రూ ఒత్తిడికి ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడికే వేయించిన వాసన పుడుతుంది. తర్వాత గుడ్డల్లో వడగడతారు, అంతే, రిఫైన్డ్ కాదు. చెక్క గానుగ నెమ్మదిగా తిరుగుతుంది, అంత వేడి రాదు, కాబట్టి పచ్చి పప్పు కమ్మదనమే ఉంటుంది. రెండూ అసలైనవే. మీ పునుగుల అన్న చెప్పింది కూడా అందుకే సరిపోయింది. ఆ వాసన ఎగిరిపోయే రకం, బాణలి కాగేటప్పుడు పొగతోనూ ఆవిరితోనూ ఇంటికి పంచేస్తుంది, గారెకి మిగిలేది తక్కువ.

పటమట కోడలు
అందరికీ థ్యాంక్స్ అండి. ఇంట్లో రెండు సీసాలు పెడతాను, తాలింపుకీ పొడులకీ గానుగ, పండగ వంటలకి రిఫైన్డ్. మా వారు ఒప్పుకోరు, అది వేరే సంగతి. ఇప్పుడు గారెలు వేసిన ఆ గానుగ నూనె లీటరు పైనే మిగిలింది, వడగట్టి మళ్లీ అసలు డబ్బాలో పొయ్యచ్చా?

మిల్లు ల్యాబ్ రిటైర్డ్
ఆ పని మాత్రం చెయ్యకండి. పొగ దాకా వెళ్లిన నూనె అది, మంచి నూనెలో కలిపితే మొత్తం డబ్బా స్మోక్ పాయింట్ దిగుతుంది, పాత వాసన కూడా తొందరగా వస్తుంది. రంగు మరీ ముదరకపోతే, వేలికి జిగటగా లేకపోతే విడిగా చిన్న సీసాలో పెట్టి రెండు మూడు రోజుల్లో కూరల్లో వాడెయ్యండి. నల్లబడితే పారెయ్యడమే.

బ్రాడీపేట సుబ్బలక్ష్మి
సింకులో పొయ్యకండి తల్లీ, మా పైపు మూసుకుపోయింది. ఇంతకీ నా డబ్బాలో మిగిలిన ఏడు లీటర్లు ఏం చెయ్యాలి? గోవిందు గారు ఎండబెడితే వాసన పోతుందంటారా?

గానుగ గోవిందు
పోదమ్మా. తడి పోతుంది గానీ వచ్చిన వాసన ఎండకి పోదు. దీపారాధనకి వాడుకోండి.