అప్‌డేట్: 20 రోజుల గరిష్ఠం వద్ద కొనుగోలు, వరుస నష్టాలు

నా ప్రశ్న: "డాంచియన్ ఛానెల్ బ్రేకవుట్‌లో వరుసగా నష్టాలు వస్తుంటే ఎగ్జిట్ నియమం మార్చాలా?"

మార్చలేదు. నేటి ధరను కలపకుండా తీసుకున్న గత 20 రోజుల గరిష్ఠాన్ని ధర దాటితే కొని, 10 రోజుల కనిష్ఠం కిందికి జారితే అమ్ముతున్నాను. మధ్యలో టార్గెట్ పెడితే, చిన్న నష్టాలన్నిటినీ పూడ్చే ఆ ఒకటి రెండు పెద్ద ట్రెండ్లే చేజారిపోతాయి.

మార్చింది షేర్ల సంఖ్యను. వందకు 35 ట్రేడ్లే గెలిచే పద్ధతిలో, ఎక్కడో ఒకచోట వరుసగా 8 నష్టాలు రావడం మామూలే. ఒక్కో ట్రేడ్‌లో 2 శాతం పోతే పెట్టుబడి దాదాపు 15 శాతం తరుగుతుంది, 1 శాతమైతే 8 శాతం లోపే. కనుక 3 లక్షల రూపాయలకు రిస్క్ 3,000గా పెట్టుకుని, కొనుగోలు 500 వద్ద, కనిష్ఠం 470 వద్ద ఉంటే 100 షేర్లే కొంటున్నాను. ఉదయం గ్యాప్‌తో 470 కన్నా కింద మొదలైతే మాత్రం నష్టం ఈ లెక్కను మించుతుంది.